నర్సింగ్ విద్యార్థులతో ట్రయాజ్ డ్రిల్: బస్సు ప్రమాదం, 16 మంది క్షతగాత్రులు, 40 మంది విద్యార్థులు

ప్రశ్న: నేను గుంటూరు దగ్గర ఒక నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌ని. థర్డ్ ఇయర్ బీఎస్సీ పిల్లలు 40 మందితో డిజాస్టర్ ట్రయాజ్ డ్రిల్, అంటే పెద్ద ప్రమాదంలో ఎవరిని ముందు చూడాలో తేల్చే సాధన, చేయించమన్నారు. పోయినసారి అందరూ అటూ ఇటూ పరుగెత్తారు, కట్లు కట్టారు, ఫొటోలు దిగారు. ఎవరు ఏం నేర్చుకున్నారో మాత్రం తెలియలేదు. ఎవరికి ఏ పాత్ర ఇవ్వాలి, అయ్యాక ఏం అడగాలి, లెర్నింగ్ గోల్స్ ఎలా రాయాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పగలరా?

సమాధానం:

గోల్స్‌తోనే మొదలుపెట్టండి. చాలా కాలేజీల ఫైళ్ళలో "విపత్తు నిర్వహణపై విద్యార్థులకు అవగాహన కల్పించుట" అని ఉంటుంది. ఆ వాక్యం పెట్టుకుంటే డ్రిల్ ఎలా జరిగినా గోల్ నెరవేరినట్టే లెక్క. గోల్ అంటే పక్కన వాచీ పట్టుకుని నిలబడ్డ మనిషి చూసి "జరిగింది", "జరగలేదు" అని టిక్కు పెట్టగలిగేది. నేనైతే మూడే పెడతాను.

మొదటిది: ఒక్కో క్షతగాత్రుడి దగ్గర ఒక నిమిషానికి మించి ఆగకుండా, శ్వాస, పల్స్, చెప్పింది చేయగలగడం అనే మూడు పరీక్షలతో రంగు ట్యాగ్ కట్టాలి. ఎరుపు వెంటనే చూడాల్సినవాళ్ళకి, పసుపు కాసేపు ఆగగలిగినవాళ్ళకి, ఆకుపచ్చ నడవగలిగినవాళ్ళకి, నలుపు ఊపిరి లేనివాళ్ళకి. నిజంగా ఎర్ర రంగు రావాల్సినవాళ్ళలో ఒక్కరు కూడా కింది రంగులోకి జారకూడదు. రెండోది: మొదటి రౌండ్‌లో ఎయిర్‌వే తెరవడం, ధారగా కారే రక్తాన్ని నొక్కి ఆపడం తప్ప ఇంకే చికిత్సా చేయకూడదు. మూడోది: ట్యాగ్ కట్టాక పని అయిపోయిందనుకోకుండా, పది నిమిషాల లోపు ప్రతి ఒక్కరినీ మళ్ళీ చూసి, పరిస్థితి మారితే రంగు మార్చాలి.

ఐవీ పెట్టడం, స్ప్లింట్ కట్టడం, సూచర్ ట్రే సర్దడం ఈ గోల్స్‌లో లేవు. వాటికి స్కిల్ ల్యాబ్ ఉంది. డ్రిల్‌లో అవి కలిపితే పిల్లలు తమకు బాగా వచ్చిన పనిలోకే దూరిపోతారు. కట్టు కట్టడం అందరికీ వచ్చు. పక్కన మనిషి మూలుగుతుంటే అతన్ని వదిలి ముందుకు వెళ్ళడం మాత్రం ఎవరికీ రాదు. డ్రిల్ పెట్టేది దాన్ని నేర్పడానికే.

పద్ధతి విషయానికొస్తే, పెద్దవాళ్ళకు స్టార్ట్ పద్ధతి చాలు. ఇది 1980లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, న్యూపోర్ట్ బీచ్ ఫైర్ డిపార్ట్‌మెంట్, హోగ్ హాస్పిటల్ కలిసి తయారుచేసింది. "నడవగలిగినవాళ్ళందరూ ఇటు రండి" అని గట్టిగా పిలిస్తే లేచి వచ్చినవాళ్ళకు ఆకుపచ్చ. మిగిలినవాళ్ళలో ఎవరు ముందు కనిపిస్తే అక్కడి నుంచి మొదలు. ఊపిరి లేకపోతే ఎయిర్‌వే తెరవాలి. అప్పుడు ఊపిరి వస్తే ఎరుపు, అయినా రాకపోతే నలుపు. ఊపిరి ఉండి నిమిషానికి 30 దాటితే ఎరుపు. 30 లోపే ఉంటే మణికట్టు దగ్గర పల్స్ చూడాలి, అందకపోతే ఎరుపు. పల్స్ అందితే చిన్న పని ఒకటి చెప్పాలి: "కళ్ళు మూసి తెరవండి", "నా చెయ్యి గట్టిగా పట్టుకోండి". చేయలేకపోతే ఎరుపు, చేస్తే పసుపు. ఎక్కడ ఎరుపు తేలితే అక్కడే ఆపేసి ట్యాగ్ కట్టి లేవాలి, మిగతా పరీక్షలు అక్కర్లేదు. పాత పాఠాల్లో పల్స్ బదులు క్యాపిలరీ రీఫిల్, అంటే గోరు నొక్కి వదిలాక రంగు తిరిగి వచ్చే సమయం, రెండు సెకన్లు అని ఉంటుంది. తెల్లవారుజాము మసక వెలుతురులో, చలికి వేళ్ళు చల్లబడి ఉన్నప్పుడు దాన్ని నమ్మలేం. పల్స్‌నే పట్టుకోండి.

శ్వాస లెక్కకు ఒక చిట్కా. నిమిషమంతా లెక్కపెట్టే తీరిక ఉండదు కాబట్టి పదిహేను సెకన్లు చూడమనండి. ఏడు వస్తే 28, ఎనిమిది వస్తే 32. అంటే ఎనిమిది దాకా లెక్క వెళ్తే ఎరుపే. నాలుగుతో గుణించే పనే ఉండదు.

ఇక సీన్. మన దగ్గర జరగదు అనిపించే భూకంపాలూ బాంబులూ వద్దు. జనవరి, సంక్రాంతి తిరుగు ప్రయాణాల రోజులు, పొగమంచు, తెల్లారగట్ట. 16వ నంబరు జాతీయ రహదారి మీద కాజ టోల్‌గేట్ దాటాక ఒక ప్రైవేటు ట్రావెల్స్ బస్సు ఆగి ఉన్న లారీని గుద్ది పక్కకి ఒరిగింది. లోపల పండక్కి వచ్చి వెళ్తున్న కుటుంబాలు, ఇటుక బట్టీల పనికి వచ్చిన ఒడిశా కూలీలు. ఈ సీన్ పెడితే మీ పిల్లలకు వివరించాల్సిన పనే ఉండదు, సగం మంది ఆ రోడ్డు మీదే ఊరికి వెళ్ళివస్తారు. పైగా ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి. మంగళగిరి ఎయిమ్స్ దగ్గర, గుంటూరు జీజీహెచ్ ఒకవైపు, విజయవాడ ఇంకోవైపు. ఎర్ర ట్యాగ్ వాళ్ళందరినీ ఒకే క్యాజువాల్టీకి పంపితే ఏమవుతుందన్నది వాళ్ళే అడుగుతారు. దాన్ని తర్వాతి క్లాసుకి ఉంచండి. ఈ డ్రిల్ రోడ్డు పక్కనే ఆగాలి.

40 మందిని ఇలా పంచండి. 16 మంది క్షతగాత్రులు. నలుగురు ట్రయాజ్, ఇద్దరిద్దరు చొప్పున రెండు జంటలు: ఒకరు పరీక్ష చేస్తే ఇంకొకరు ట్యాగ్ కట్టి నంబరు రాసుకుంటారు. రంగుల ఏరియాల్లో ఆరుగురు: ఎరుపుకు ముగ్గురు, పసుపుకు ఇద్దరు, ఆకుపచ్చకు ఒకరు. స్ట్రెచర్‌కి నలుగురు. ఒకరు ఇన్‌చార్జ్, ఒకరు ఫోను, రికార్డు. ఇద్దరు బంధువులు. మిగిలిన ఆరుగురు పరిశీలకులు. ఇన్‌చార్జ్‌కి ఒక్కటే నియమం: ఆ అమ్మాయి ఏ క్షతగాత్రుడినీ ముట్టుకోకూడదు. క్లాసులో అందరికంటే చురుకైన విద్యార్థిని ఇన్‌చార్జ్‌గా పెడతారు చాలామంది. నేనైతే ఆ అమ్మాయిని పరిశీలకురాలిగా పెట్టి, మాటకు వెనుకాడే పిల్లని ఇన్‌చార్జ్ చేస్తాను. చురుకైనవాళ్ళు ముందుకు దూకి అన్నీ తామే చేసేస్తారు, మిగతా 39 మంది ఆ చేతుల్నే చూస్తూ నిలబడతారు.

ఇద్దరు ట్యూటర్లు ఆటలో లేకుండా బయట ఉండాలి. ఒకరు టైము, ఒకరు సేఫ్టీ. ఆటలో వేషం వేసినవాళ్ళకి నిజంగానే కళ్ళు తిరిగితే అది నటన అనుకునే ప్రమాదం ఉంది. అందుకే ఒక మాట ముందే పెట్టుకోండి, "నిజంగా, నిజంగా" అని రెండుసార్లు అంటే అంతా ఆగిపోవాలి. ఆస్తమా ఉన్నవాళ్ళకి ఊపిరి ఆడని పాత్ర ఇవ్వకండి. ఇంట్లో యాక్సిడెంటు జరిగి ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలు ఉంటారు, క్లాసులో అందరి ముందూ చేతులెత్తమనకుండా, వద్దనుకుంటే ముందురోజు వచ్చి చెప్పమనండి, వాళ్ళని రికార్డు దగ్గర కూర్చోబెట్టండి. రక్తం ఆపడానికి కట్టే గుడ్డ నటిస్తున్న మనిషి చేతి మీద నిజంగా బిగించకూడదు. లోకల్ పోలీస్ స్టేషన్‌కి, పక్కిళ్ళవాళ్ళకి చెప్పి, గేటు మీద "మాక్ డ్రిల్" అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టండి. లేకపోతే ఎవరో ఒకరు 108కి ఫోన్ చేస్తారు.

మేకప్ మీద డబ్బు తగలేయకండి. గ్లిజరిన్‌లో ఎర్ర ఫుడ్ కలర్ కలిపితే చాలు. బీట్‌రూట్ రసం వాడితే పాత చీరలు కట్టుకోమనండి, మరక వదలదు. ట్యాగ్‌లకి నాలుగు రంగుల గుడ్డ పీలికలు సరిపోతాయి. వాటిని మణికట్టుకో చీలమండకో కట్టాలి. బట్టలకి కడితే, గాయం చూడటానికి బట్టలు కత్తిరించినప్పుడు రంగు కూడా పోతుంది.

డ్రిల్ మొత్తం ఆధారపడేది క్షతగాత్రుల కార్డుల మీద. అక్కడే ఎక్కువ సమయం పెట్టండి, ముందు వారం రెండు సాయంత్రాలు కూర్చుని రాయండి. కార్డు మెడలో వేలాడదీసి అందులో శ్వాస 34, పల్స్ ఉంది, మాట ఉంది అని అన్నీ రాసేస్తే ట్రయాజ్ జంట మనిషిని చూడదు, కార్డు చదువుతుంది. అది చదివే పరీక్ష అయిపోతుంది. కార్డు నటిస్తున్నవాళ్ళ గుప్పిట్లో ఉండాలి. ట్రయాజ్ అమ్మాయి ఛాతీ మీద చెయ్యి పెట్టి పదిహేను సెకన్లు నిజంగా ఆగితేనే "ఎనిమిది" అని చెప్పాలి. మణికట్టు పట్టుకుంటేనే "పల్స్ లేదు" అని చెప్పాలి. అడిగితే చెప్పకూడదు, చేస్తేనే చెప్పాలి. నిమిషానికి 34 సార్లు నిజంగా ఊపిరి తీయమని మాత్రం ఎవరినీ అడగకండి. రెండు నిమిషాల్లో వేళ్ళు తిమ్మిర్లెక్కి నిజంగానే పేషెంట్ అవుతారు.

16 మందిలో ఐదుగురు ఆకుపచ్చ, నలుగురు పసుపు, ఐదుగురు ఎరుపు, ఇద్దరు నలుపు అయ్యేలా కార్డులు రాయండి. అందులో సగం మామూలు కార్డులే ఉండాలి, అన్నీ ఉచ్చులే పెడితే పిల్లలు పద్ధతిని నమ్మడం మానేస్తారు. ఉచ్చు కార్డులు ఏడెనిమిది చాలు. నేను పెట్టేవి చెప్తాను.

మౌనంగా కూర్చున్న కుర్రాడు. పాతికేళ్ళు, సీటుకి ఆనుకుని నేల చూస్తుంటాడు. రక్తం లేదు. పిలిస్తే పలుకుతాడు, పల్స్ ఉంది. పదిహేను సెకన్లలో ఎనిమిదిన్నర, అంటే నిమిషానికి 34. కాబట్టి ఎరుపు. ఛాతీ లెక్కపెట్టకుండా "బాగున్నావా" అని అడిగి వెళ్ళిపోయే జంటకి ఇతను పసుపుగా మిగిలిపోతాడు. మొదటి గోల్ ఫెయిలయ్యేది ఎక్కువగా ఇతని దగ్గరే.

నుదురు చీరుకుపోయిన పెద్దావిడ. తలకి గాయమైతే రక్తం భయంకరంగా కనిపిస్తుంది, ఆవిడ అందరికంటే గట్టిగా ఏడుస్తుంది, కానీ తన కాళ్ళ మీద తను నడిచి వస్తుంది. ఆకుపచ్చ. ఒక బంధువు ఆవిడ వెంటే ఉండి "ముందు మా అమ్మని చూడండి" అని నర్సు చెయ్యి పట్టుకు లాగుతుంటాడు.

ఏడో నెల గర్భిణి. చీలమండ విరిగి లేవలేకపోతోంది. శ్వాస 24, పల్స్ ఉంది, చెప్పింది చేస్తోంది. స్టార్ట్ ప్రకారం పసుపు. దాదాపు ప్రతి జంటా ఎరుపు కడుతుంది. మనసుకి తోచింది తప్పని చెప్పడం కాదు ఇక్కడ విషయం. మొదటి రౌండ్‌లో పద్ధతి ప్రకారం పసుపు కట్టి, పసుపు ఏరియాలో మొదట చూడాల్సిన మనిషిగా చెప్పాలి. గర్భిణి శరీరం చాలాసేపు రక్తనష్టాన్ని బయటికి కనపడనివ్వదు. అందుకే మూడో గోల్, మళ్ళీ చూడటం, ఈమె విషయంలో అంత ముఖ్యం.

ఒడిశా కూలీ. కాలు విరిగింది, శ్వాస 22, పల్స్ ఉంది. "కళ్ళు మూసి తెరవండి" అని తెలుగులో చెప్తే అయోమయంగా చూస్తాడు. భాష రాకపోవడాన్ని స్పృహ లేకపోవడంగా లెక్కేసి ఎరుపు కట్టేస్తారు. తన చెయ్యి చూపించి పిడికిలి బిగించి, "ఇలా" అని సైగ చేస్తే వెంటనే చేస్తాడు. పసుపు. వినపడని పెద్దాయన పాత్ర ఇచ్చినా ఇదే పనికొస్తుంది.

ఊపిరి ఆగిన మధ్యవయస్కుడు. తల ముందుకి వాలి ఉంది. దవడ ముందుకి లాగి ఎయిర్‌వే తెరిస్తే ఊపిరి వస్తుంది, ఎరుపు. కార్డు వెనక ఇంకో వాక్యం ఉంటుంది: "తల మళ్ళీ వదిలేస్తే ఊపిరి ఆగుతుంది." జంట ట్యాగ్ కట్టి వెళ్ళిపోతే నటిస్తున్న విద్యార్థి ఊపిరి ఆగినట్టు చెయ్యి పైకెత్తుతుంది. సరైన పని ఏమిటంటే, అతన్ని జాగ్రత్తగా పక్కకి తిప్పి పడుకోబెట్టడమో, లేదా నడవగలిగిన ఒక ఆకుపచ్చ మనిషిని పిలిచి "ఈ దవడ ఇలాగే పట్టుకుని ఉండండి" అని అప్పజెప్పడమో. ఆకుపచ్చ వాళ్ళు చేతులున్న మనుషులు అన్న సంగతి పిల్లలకి తట్టదు. తొడ నుంచి రక్తం కారుతున్న మనిషి దగ్గరా అంతే. గుడ్డ పెట్టి నొక్కమని పక్కవాళ్ళకి చెప్పి లేవాలి, నర్సు అక్కడే కూర్చుండిపోకూడదు.

నలుపు కార్డు. ఎయిర్‌వే తెరిచినా ఊపిరి లేదు. పక్కన రెండో బంధువు, కొడుకు, "నాన్న ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది, గుండె నొక్కండి" అని బతిమాలుతుంటాడు. సీపీఆర్ మొదలుపెట్టారా, ఇద్దరూ అక్కడే చిక్కుకుపోతారు. నల్ల ట్యాగ్ అంటే చనిపోయారని ప్రకటించడం కాదని పిల్లలకి ముందే చెప్పండి. మరణం ధ్రువీకరించడం డాక్టరు పని. ఇప్పుడున్న చేతులతో ఇతనికి సాయం అందదు అన్నంతే దాని అర్థం. చేతులు ఖాళీ అయితే మళ్ళీ వచ్చి చూస్తారు.

ఆఖరిది, నాకు అన్నిటికంటే ఇష్టమైన కార్డు. ఒక అమ్మాయి పిలవగానే నడిచి వస్తుంది, "కడుపులో కొంచెం నొప్పి" అంటుంది. ఆకుపచ్చ. కార్డులో రహస్యంగా ఉంటుంది: "పన్నెండో నిమిషంలో మాట ఆపి పక్కకి ఒరిగి పడుకో. ఎవరినీ పిలవకు. ఎవరైనా చూస్తే శ్వాస 32, పల్స్ లేదు." సీటుబెల్టు లేని బస్సులో ముందు సీటు కడ్డీ కడుపుకి తగిలి ప్లీహం చిట్లిందనుకోండి, కాసేపు నడుస్తారు, తర్వాత కూలిపోతారు. ఆకుపచ్చ ఏరియాలో ఉన్న ఒకే ఒక్క నర్సు అప్పుడు నుదురు చీరుకుపోయిన పెద్దావిడ ఏడుపుతోనూ, ఆమె కొడుకు గొడవతోనూ తలమునకలుగా ఉంటుంది. ఈ అమ్మాయిని ఎవరు, ఏ నిమిషంలో చూశారన్నదే మూడో గోల్ కొలత.

పరిశీలకులు ఆరుగురికీ తలా ఒక కాగితం. ఇద్దరు ఒక్కో ట్రయాజ్ జంట వెంట, ఇద్దరు ఎరుపు, పసుపు ఏరియాల్లో, ఒకరు ఆకుపచ్చలో, ఒకరు స్ట్రెచర్ వెంట. "బాగా చేశారు", "కంగారు పడ్డారు" లాంటివి రాయొద్దు. "7:04, తొడ రక్తం మనిషి దగ్గర మూడు నిమిషాలు ఆగారు", "ఛాతీ చూడలేదు" అని, కంటికి కనిపించింది, టైముతో రాయాలి.

డ్రిల్ రోజు చలికాలం అయితే ఆరున్నరకి గ్రౌండ్‌లో చేరండి. ఎండాకాలంలో మన గుంటూరులో నేల మీద పిల్లల్ని పడుకోబెట్టే ఆలోచనే పెట్టుకోకండి. అరగంట బ్రీఫింగ్. పాత్రలు, నియమాలు, ఆపే మాట చెప్పండి, గోల్స్ చదివి వినిపించండి, ఉచ్చులు మాత్రం చెప్పొద్దు. ఏడింటికి విజిల్. నడవగలిగిన ఐదుగురు బయటికి వచ్చేస్తే నేల మీద పదకొండు మంది మిగులుతారు, ఒక్కో జంటకి ఐదారుగురు. ఎనిమిది నిమిషాల్లో అందరికీ ట్యాగ్‌లు పడాలి. స్ట్రెచర్లు అప్పుడే కదలడం మొదలుపెట్టాలి. ఇరవయ్యో నిమిషంలో విజిల్. ఎంత అసంపూర్తిగా ఉన్నా ఆపేయండి. పది నిమిషాలు మొహాలు కడుక్కుని నీళ్ళు తాగాక, అక్కడే గడ్డి మీద గుండ్రంగా కూర్చోబెట్టి 45 నిమిషాలు డీబ్రీఫ్. డ్రిల్ కంటే డీబ్రీఫ్ ఎక్కువసేపు ఉండాలి. ప్రిన్సిపాల్ గారు ఉపన్యాసం ఇస్తామంటే చివర్లో ఐదు నిమిషాలు అడగండి, మొదట్లో ఇస్తే పిల్లలు నోరు మూసుకుంటారు.

డీబ్రీఫ్ మొదలుపెట్టేది క్షతగాత్రులతో. ఇది నా పద్ధతి, చాలామంది ట్రయాజ్ జంటలతో మొదలుపెడతారు. నేల మీద పడుకున్నవాళ్ళకే తెలుసు ఎవరు వచ్చారు, ముట్టుకున్నారా లేదా, ఏమీ చెప్పకుండా ట్యాగ్ కట్టి వెళ్ళిపోయారా అన్నది. "మీ దగ్గరికి మొదట వచ్చినవాళ్ళు ఏం చేశారు? ఏం చెప్పారు? వాళ్ళు వెళ్ళిపోయాక మీకు ఏమనిపించింది?" ఐదు నిమిషాలు చాలు, కానీ ఆ ఐదు నిమిషాల్లో చర్చ వేడెక్కుతుంది. తర్వాతే బోర్డు.

బోర్డు మీద 16 నంబర్లు, ఉండాల్సిన రంగు, కట్టిన రంగు. మీ డ్రిల్‌లో ఇలా వచ్చిందనుకుందాం. నిజమైన ఎరుపులు ఐదు. పిల్లలు ఎరుపు కట్టింది ఎనిమిదికి. ఆ ఎనిమిదిలో నిజమైనవి నాలుగే. మిగతా నాలుగు ఎవరంటే గర్భిణి, ఒడిశా కూలీ, నుదురు చీరుకుపోయిన పెద్దావిడ, సీపీఆర్ మొదలుపెట్టిన నలుపు మనిషి. మౌనంగా కూర్చున్న కుర్రాడు పసుపులో ఉండిపోయాడు. అంటే ఎరుపు కట్టినవాళ్ళలో సగం మందికి అక్కర్లేదు, ఓవర్ ట్రయాజ్ యాభై శాతం. నిజమైన ఎరుపుల్లో ఐదింట ఒకటి జారిపోయింది, అండర్ ట్రయాజ్ ఇరవై శాతం.

శాతాలు చెప్తే పిల్లలు రాసుకుంటారు, అంతే. దాన్ని నిమిషాల్లోకి మార్చండి. స్ట్రెచర్ మోసేవాళ్ళు నలుగురే, ఒకసారి ఒక్కరినే మోయగలరు. ఒక్కో ట్రిప్పు రెండు నిమిషాలు అనుకుంటే, సరైన ఐదుగురు ఎరుపులు పది నిమిషాల్లో ఏరియాకి చేరిపోతారు. ఎనిమిది మందికి ఎరుపు కడితే పదహారు నిమిషాలు. మౌనంగా కూర్చున్న కుర్రాడు పసుపు కాబట్టి అతని వంతు ఆ పదహారు నిమిషాల తర్వాతే మొదలవుతుంది. ఇప్పుడు అడగండి: "ఆ పదహారు నిమిషాలు అతని దగ్గరికి ఎవరైనా వెళ్ళారా?" ఎక్కువమందికి ఎరుపు కడితే సేఫ్ అన్న భ్రమ ఇక్కడ పోతుంది. జాగ్రత్త కోసం కట్టిన ప్రతి అదనపు ఎరుపు, మరొకరి నిమిషాల్లోంచి తీసుకున్నదే.

ఆ తర్వాత మూడు కార్డులే తీసుకుని లోతుగా మాట్లాడండి, పదహారూ తిరగేయకండి. "ఎందుకలా చేశావు?" అని అడిగితే పిల్ల తల దించుకుంటుంది, అక్కడితో సంభాషణ అయిపోతుంది. మీరు చూసింది ముందు చెప్పండి, మీ అనుమానం చెప్పండి, తర్వాత అడగండి. "నువ్వు అతని దగ్గర మూడు నిమిషాలు ఆగావు. రక్తం ఆపాలని అనుకున్నావని నాకు అనిపించింది. లేవడానికి ఏది అడ్డొచ్చింది?" ఇలా అడిగితే అసలు కారణాలు బయటపడతాయి. "నొక్కడానికి ఇంకెవరూ కనపడలేదు మేడమ్" అంటుంది. అప్పుడు ఆకుపచ్చ మనుషుల సంగతి ఆ పిల్లే కనిపెడుతుంది, మీరు చెప్పనక్కర్లేదు.

మూడో గోల్ దగ్గర నేను అడిగేవి ఇవి. "కడుపు నొప్పి అమ్మాయిని చివరిసారి ఎప్పుడు చూశారు? ఆమె నిశ్శబ్దం అయిపోవడం ఎవరికైనా కనిపించిందా? కనిపించకపోతే, అప్పుడు మీ కళ్ళు ఎక్కడ ఉన్నాయి?" ఆకుపచ్చ నర్సుగా ఉన్న అమ్మాయిని ఒంటరిగా నిలబెట్టకండి. "ఆకుపచ్చలో ఒక్కరినే పెట్టింది ఎవరు? ఎరుపు ఏరియాలో ముగ్గురు ఉన్నప్పుడు ఇన్‌చార్జ్ ఒకరిని ఇటు పంపగలిగేదా? అలా పంపాలని ఆమెకి ఎవరు చెప్పాలి?" అని ప్రశ్నని ఇన్‌చార్జ్ దాకా, రికార్డు రాస్తున్న అమ్మాయి దాకా తీసుకెళ్ళండి. అప్పుడు తప్పు ఒక మనిషి మీద కాకుండా పని పంపకం మీద పడుతుంది.

నల్ల ట్యాగ్ దగ్గర ఆగడం తప్పదు. ఆ ట్యాగ్ కట్టిన జంటని, కొడుకుగా నటించిన విద్యార్థిని, ఇద్దరినీ మాట్లాడనివ్వండి. "అతనికి మీరు ఏ మాటలు చెప్పారు?" అని అడగండి. చాలామంది ఏమీ చెప్పకుండా పారిపోతారు. ఒక వాక్యం క్లాసంతా కలిసి తయారుచేసుకోండి. నా పిల్లలు ఒకసారి ఇలా రాసుకున్నారు: "అన్నా, మీ నాన్నగారికి ఊపిరి లేదు. ఇప్పుడు బతికే అవకాశం ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. మీరు ఆయన పక్కనే ఉండండి, మళ్ళీ వస్తాను." చెప్పడానికి పది సెకన్లు పట్టదు. ఎవరైనా కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఆపకండి, కానీ డీబ్రీఫ్ అయ్యాక వాళ్ళతో విడిగా కూర్చోండి.

చివరి పది నిమిషాలకి ఒక్క ప్రశ్నే: "ఇప్పుడు వెంటనే మళ్ళీ చేస్తే ఏ ఒక్కటి మారుస్తారు?" మూడో నాలుగో జవాబులు వస్తాయి, బోర్డు మీద రాయండి. తర్వాత నిజంగానే వెంటనే మళ్ళీ చేయించండి. ట్రయాజ్, ఏరియా, స్ట్రెచర్ వాళ్ళు, బంధువులు క్షతగాత్రులుగా, క్షతగాత్రుల్లోంచి కొందరు ట్రయాజ్‌గా మారతారు. కార్డులు అవే, కానీ ఒడిశా కూలీ కార్డు పొట్టి అమ్మాయికి, మౌనంగా కూర్చున్న కుర్రాడి కార్డు పెద్ద గొంతు ఉన్న అమ్మాయికి వెళ్ళేలా పంచండి, ముఖం చూసి గుర్తుపట్టకూడదు. పన్నెండో నిమిషంలో కూలిపోయే కార్డుని ఆకుపచ్చలోంచి పసుపులోకి మార్చండి. రెండో రౌండ్ మళ్ళీ ఇరవై నిమిషాలు, డీబ్రీఫ్ పావుగంట. ఈసారి అంకెలు రెండే చూడండి: జారిపోయిన ఎరుపులు ఎన్ని, కూలిపోయిన మనిషిని ఏ నిమిషంలో కనిపెట్టారు. మొదటి రౌండ్ అంకెల పక్కన వీటిని రాస్తే మీ రిపోర్టు తయారైనట్టే. ప్రిన్సిపాల్ గారికి ఫొటోల బదులు ఆ బోర్డు ఫొటో ఒక్కటి పంపండి.

పిల్లల (చిన్నపిల్లల) కార్డులు మొదటిసారి పెట్టకండి. వాళ్ళకి జంప్‌స్టార్ట్ అనే వేరే పద్ధతి ఉంది. అందులో శ్వాస 15 నుంచి 45 దాకా మామూలే, కాబట్టి నిమిషానికి 38 ఉన్న ఆరేళ్ళ పాపకి పెద్దవాళ్ళ లెక్కతో ఎరుపు కట్టేస్తారు. ఊపిరి లేని పాపకి పల్స్ ఉంటే ఐదు శ్వాసలు ఇచ్చి చూడాలి, పెద్దవాళ్ళకి అది లేదు. రెండు పద్ధతులు ఒకేరోజు కలిపితే రెండూ గందరగోళం అవుతాయి. పెద్దవాళ్ళ డ్రిల్‌లో జారిపోయిన ఎరుపులు సున్నాకి వచ్చాక, అదే బస్సులో ఇద్దరు పిల్లల్ని కలపండి.